అద్దె ఫ్లాట్‌లో ఫోన్‌తో పిల్లల కథల వాయిస్‌ఓవర్: ఒక కేస్ స్టడీ

విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్న తెలుగు టీచర్ ఒకరు ఒక ఆడియో సంస్థ కోసం పిల్లల కథలు చదవడానికి ఒప్పుకున్నారు. ఆవిడ ఉచ్చారణకూ, కథ నడిపే తీరుకూ ఆ సంస్థ వారు ముచ్చటపడ్డారు గానీ, పంపిన నమూనా మాత్రం వెనక్కి వచ్చింది. గది మోత ఎక్కువగా ఉందనీ, వాక్యాల మధ్య హోరు వినిపిస్తోందనీ రెండు కారణాలు రాసి పంపారు. సౌండ్ ఎడిటింగ్ నా వృత్తి కాబట్టి ఒక పరిచయస్తుల ద్వారా ఆవిడ నా దగ్గరికి వచ్చారు. స్టూడియో అద్దె భరించే ఉద్దేశం లేదు, కొత్త మైకు కొనే ఉద్దేశం కూడా అప్పటికి లేదు. చేతిలో ఉన్నది మధ్యరకం ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే. దానితోనే, ఆ ఇంట్లోనే పని జరగాలన్నది షరతు.

ముందుగా ఆ నమూనాను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఫోన్ స్పీకర్‌లో వింటే ఇలాంటి లోపాలు సగానికి సగం తెలియవు, ఎందుకంటే ఆ చిన్న స్పీకర్ లోతైన గుర్రుమనే శబ్దాలను అసలు పలికించలేదు. హెడ్‌ఫోన్స్‌లో మూడు సంగతులు బయటపడ్డాయి. ‘అన్నాడు’, ‘వచ్చింది’ వంటి మాటలు ముగిసిన తరువాత వాటి తోక గదిలో కాసేపు సాగుతోంది. వాక్యం ఆగిన అర సెకనుకో సెకనుకో వెనుక హోరు మెల్లగా పైకి లేచి, మళ్లీ మాట మొదలవగానే అణిగిపోతోంది. ఆ హోరులో ఒక స్థిరమైన గుంయ్ శబ్దం కూడా ఉంది, అయితే అది కొన్ని కథల్లో వినిపిస్తోంది, కొన్నింటిలో లేదు. చివరిది వినగానే ఫ్రిజ్ మీద అనుమానం వచ్చింది, ఎందుకంటే కంప్రెసర్ కాసేపు నడిచి కాసేపు ఆగుతుంది.

తరువాత కొలతలు తీశాను. డిజిటల్ రికార్డింగ్‌లో సున్నా డెసిబెల్స్ అనేది పైకప్పు, అన్ని స్థాయిలూ దానికి దిగువన మైనస్‌లో ఉంటాయి. ఆవిడ గొంతు సగటు స్థాయి మైనస్ 27 దగ్గర, మాటలు లేనిచోట మిగిలిన శబ్దం మైనస్ 45 దగ్గర ఉన్నాయి. అంటే గొంతుకూ హోరుకూ మధ్య ఎడం 18 డెసిబెల్స్ మాత్రమే. ఆడియో పుస్తకాల రంగంలో చాలామంది ప్రమాణంగా తీసుకునే ఏసీఎక్స్ అనే ప్రచురణ వేదిక నిబంధనల ప్రకారం గొంతు సగటు మైనస్ 23కూ మైనస్ 18కీ మధ్య ఉండాలి, వెనుక శబ్దం మైనస్ 60 దాటకూడదు. అంటే సుమారు 40 డెసిబెల్స్ ఎడం కావాలి. గొంతును సాఫ్ట్‌వేర్‌లో పెంచితే హోరు కూడా అంతే పెరుగుతుంది కనుక ఈ ఎడం రికార్డింగ్ సమయంలోనే రావాలి. ఈ కేసు మొత్తం ఆ 18ని 40కి ఎలా చేర్చామన్న దాని గురించే.

ఇంటికి వెళ్లి చూస్తే ఆవిడ హాల్లో సోఫాలో కూర్చుని, ముందున్న టీపాయ్ మీద ఫోన్ పెట్టి చదువుతున్నారు. నోటికీ ఫోన్‌కూ మధ్య దూరం సుమారు 60 సెంటీమీటర్లు ఉంది. నేల మీద నునుపైన టైల్స్, ఎదురుగా ఖాళీ గోడ, టీవీ, పక్కనే తలుపు లేని వంటగది, అందులో ఫ్రిజ్. ఫ్యాన్ ఆపే చదివానని ఆవిడ చెప్పారు, అది నిజమే. కానీ ఆ ఇంట్లో అసలు సమస్య ఫ్యాన్ కంటే ఆ దూరంలో ఉంది.

నోటి నుంచి వెలువడే శబ్దం దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గది హోరు, గోడల నుంచి తిరిగి వచ్చే మోత మాత్రం గదిలో ఎక్కడైనా దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయి. కాబట్టి ఫోన్‌ను 60 సెంటీమీటర్ల నుంచి 30కి తెస్తే గొంతు 6 డెసిబెల్స్, 15కి తెస్తే 12 డెసిబెల్స్ పెరుగుతుంది, హోరు పెరగదు, మోతా పెరగదు. పైసా ఖర్చు లేకుండా ఎడం 18 నుంచి 30కి చేరినట్టే. దుప్పట్లు కట్టినా, సాఫ్ట్‌వేర్ వాడినా ఇంత సులువుగా ఇంత లాభం రాదు. అందుకే ఎవరు అడిగినా నేను గది గురించి మాట్లాడేముందు దూరం గురించే అడుగుతాను.

అయితే మైకుకు అంత దగ్గరగా వెళితే గొంతు బొంగురుగా, బరువుగా మారుతుందని ఆవిడ ఎక్కడో విన్నారు. స్టూడియోల్లో వాడే, ఒక వైపు నుంచే వినే మైకుల విషయంలో ఆ మాట నిజం. ఫోన్లలో ఉండే చిన్న మైకులు సాధారణంగా అన్ని వైపుల నుంచీ సమానంగా వినే రకం కాబట్టి వాటికి ఆ గుణం లేదు. దగ్గరగా వెళ్లినప్పుడు ఇక్కడ వచ్చే ఇబ్బంది వేరు. ప, ఫ, బ, భ పలికేటప్పుడు పెదవుల మధ్య నుంచి ఊదినట్టు వెలువడే గాలి నేరుగా మైకు రంధ్రానికి తగిలి ‘ధబ్’మనే చప్పుడు నమోదవుతుంది. తెలుగు కథలో ‘భలే’, ‘పాప’, ‘బంగారం’ లేని పేజీ ఉండదు కదా.

దీన్ని పరీక్షించడానికి ‘భలే భలే, పాప బొంగరం ఫటాఫట్ తిప్పింది’ అనే వాక్యాన్ని ఆవిడ చేత మూడు స్థానాల్లో చదివించాను. ఫోన్ నోటికి సూటిగా ఎదురుగా ఉన్నప్పుడు నాలుగు చోట్ల ధబ్ శబ్దం వచ్చింది. గడ్డం కిందికి దించినప్పుడు చప్పుళ్లు తగ్గాయి గానీ స, శ, చ అక్షరాల పదును కూడా కొంత పోయింది. నోటి మూలకు సూటిగా, ముఖానికి సుమారు 45 డిగ్రీల పక్కగా, పెదవుల ఎత్తులోనే ఉంచినప్పుడు గాలి ఫోన్ పక్కగా వెళ్లిపోయింది, అక్షరాల స్పష్టత నిలిచింది. ఆ మూడో స్థానాన్నే ఖాయం చేశాం. అలా పక్కగా నిలిపిన ఫోన్‌కూ నోటికీ మధ్య అరచేతి నాలుగు వేళ్లు రెండుసార్లు పట్టాలి, అంటే రెండు బెత్తెలు. ప్రతి కథ మొదట్లో టేపు పట్టుకుని కొలవనక్కరలేదు, చేయి అడ్డం పెట్టి చూసుకుంటే చాలు.

మైకు ఎక్కడుందో కూడా సరిగా తెలుసుకోవాలి. ఆవిడ ఇన్నాళ్లూ ఫోన్ పై భాగాన్ని, అంటే కాల్‌లో చెవికి పెట్టుకునే అంచును, తనవైపు తిప్పి పెట్టుకున్నారు. చాలా ఫోన్లలో మాట నమోదు చేసే ప్రధాన మైకు కింద అంచులో, ఛార్జింగ్ రంధ్రం పక్కన ఉంటుంది. పైన ఉండే రెండోది ఎక్కువగా చుట్టూ ఉన్న శబ్దాన్ని గుర్తించి తగ్గించడానికి పనికొస్తుంది. రికార్డింగ్ ఆన్ చేసి, ఒక్కొక్క రంధ్రం పక్కన గోటితో మెల్లగా గీకి, తరువాత వింటే ఏ గీకుడు గట్టిగా వినిపిస్తే ప్రధాన మైకు అక్కడ ఉన్నట్టు. ఆవిడ ఫోన్‌కు తొడిగిన రబ్బరు కవరు ఆ రంధ్రాన్ని సగం మూసేసింది కూడా. కవరు తీసేయగానే గొంతులో ముసుగు తొలగింది.

ఇక గది. ఆవిడ అప్పటికే మనసులో పూజగదిని ఎంచుకుని ఉన్నారు. “తలుపేస్తే చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుందండీ, అంత నిశ్శబ్దం” అన్నారు. చీమ చిటుక్కుమన్నా వినిపించడమే అక్కడ ఇబ్బంది. నాలుగడుగుల గదికి మూడు వైపులా టైల్స్, గ్రానైట్ అరలు, ఇత్తడి సామాను ఉన్నాయి. నడుమ నిలబడి ఒక్కసారి చప్పట్లు కొడితే చప్పుడు తరువాత సన్నని కంపనం లాంటి మోత వరుసగా వినిపించింది. ఎదురెదురు గట్టి గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటే వచ్చేది అదే. బయటి శబ్దం రాకపోవడం వేరు, లోపలి శబ్దం మోగకపోవడం వేరు. రెండింటిలో ఒకటి వదులుకోక తప్పకపోతే నేను మొదటిదే వదులుకుంటాను. స్థిరంగా ఉండే బయటి హోరును సాఫ్ట్‌వేర్ కొంతవరకు తీయగలదు. మోత మాత్రం ఆవిడ గొంతుకే ఆలస్యంగా వచ్చిన నకలు, దాన్ని గొంతు చెడకుండా వేరుచేయడం దాదాపు అసాధ్యం.

ముందు పడకగది రోడ్డు వైపు ఉంది. వెనుక పడకగది కిటికీ పక్క అపార్ట్‌మెంట్ గోడ వైపు తెరుచుకుంటుంది. ఆ వెనుక గదిలో డబుల్ కాట్ మీద దూది పరుపు, ఒక గోడకు తలుపులున్న బీరువా, కిటికీకి పలుచని కర్టెన్ ఉన్నాయి. చప్పట్లు కొడితే మోత ఉంది గానీ పొట్టిగా ఆగిపోయింది. ఈ గదినే తీసుకున్నాం.

గది నడిమధ్యన కూర్చోవడం, గోడకు అడుగు దూరంలో ముఖం పెట్టి కూర్చోవడం రెండూ మంచివి కావు. గొంతు ప్రధానంగా ముందుకు వెళుతుంది, కాబట్టి మొదట ఎదురుగా మెత్తని దళసరి వస్తువు ఉండాలి. ఫోన్ మైకు అన్ని వైపులా వింటుంది కనుక వీపు వెనుక కూడా అలాంటిదే ఉండాలి. బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, హ్యాంగర్లకు వేలాడే బట్టలకు ఎదురుగా రెండడుగుల దూరంలో ఆవిడ కుర్చీ వేశాం. వీపు వెనుక బట్టలు ఆరేసే స్టాండు నిలబెట్టి దాని మీద రెండు బొంతలు మడతగా వేశాం. బొంతను గోడకు అంటించకుండా జానెడు ఎడం వదిలాం. ఆ ఎడం వల్ల అదే బొంత మరింత లోతైన శబ్దాలను కూడా పీల్చుకోగలదు. పలుచని చీరలూ కర్టెన్లూ వేలాడదీస్తే స, శ వంటి పదునైన శబ్దాలు మాత్రమే తగ్గుతాయి, కింది మోత అలాగే ఉండి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించమని సలహా ఇచ్చేవారు ఇప్పటికీ తగులుతూనే ఉన్నారు. ఆ అట్ట పలుచనిది, దాదాపు ఏమీ పీల్చదు, గోడ అందం చెడటం తప్ప ఒరిగేదేమీ లేదు.

నిండా దుప్పటి కప్పుకుని చదివే పద్ధతి కూడా ఉంది. మోత తగ్గుతుంది, కాదనను. కానీ బెజవాడ వేసవిలో ఫ్యాన్ లేకుండా దుప్పటి కింద కథ చదివితే మూడో పేజీకే గొంతులో విసుగు వినిపిస్తుంది, పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు.

ఫోన్‌ను చేత్తో పట్టుకోనివ్వలేదు, వేళ్ల కదలిక ప్రతిదీ మైకులోకి పోతుంది. ఒక చిన్న స్టూలు మీద పుస్తకాలు పేర్చి, పైన మందపాటి తువ్వాలు నాలుగు మడతలు వేసి, దాని మీద ఫోన్‌ను పడుకోబెట్టి, కింది అంచు ఆవిడ వైపు కొద్దిగా బయటికి వచ్చేలా ఉంచాం. తువ్వాలు రెండు పనులు చేస్తుంది: నేల అదురును ఫోన్‌కు చేరనివ్వదు, గట్టి పలక మీద తగిలి తిరిగొచ్చే గొంతును తగ్గిస్తుంది. కథ ప్రతిని ఫోన్‌కు వెనుకగా కంటి ఎత్తులో, విడి కాగితాలుగా బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. పేజీ తిప్పితే శబ్దం వస్తుంది, తల దించితే దూరం మారుతుంది. దూరం మారితే కథ మధ్యలో గొంతు రంగు మారిపోతుంది, దాన్ని తరువాత సరిచేయడం చాలా కష్టం.

వాక్యం ఆగగానే హోరు పైకి లేవడానికి కారణం గదిలో లేదు, ఫోన్‌తో వచ్చిన రికార్డర్‌లో ఉంది. మాట తగ్గగానే స్థాయిని తానే పెంచే ఏర్పాటు అందులో పనిచేస్తోంది, పైగా హోరును తొక్కే ఏర్పాటు కూడా ఉంది. వీటిని కనిపెట్టడానికి సులువైన పరీక్ష ఉంది. ఒక వాక్యం గట్టిగా చదివి ఐదు సెకన్లు మౌనంగా ఉండాలి, ఆ మౌనంలో హోరు క్రమంగా పెరిగితే మొదటి ఏర్పాటు పనిచేస్తున్నట్టు. తరువాత ‘ఊఁ’ అని పది సెకన్లపాటు ఒకే స్థాయిలో సాగదీయాలి, అది మధ్యలో నీరసించిపోతే రెండోది పనిచేస్తున్నట్టు, ఎందుకంటే స్థిరంగా సాగే దేన్నయినా అది హోరు అనే అనుకుంటుంది. ఈ రెండింటినీ ఆపే వీలున్న వేరే రికార్డర్ యాప్ వేశాం. ఫార్మాట్ WAV, మోనో, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ పెట్టాం. నిమిషానికి దాదాపు 6 ఎంబీ పడుతుంది, పది నిమిషాల కథకు అది పెద్ద భారం కాదు. కథలో అందరికంటే గట్టిగా అరిచే పాత్ర మాట చదివించి, అప్పుడు కూడా పై శిఖరం మైనస్ 6 దాటకుండా స్థాయిని స్థిరపరిచాం. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఛార్జర్ తీసేశాం.

ఫ్రిజ్ సంగతికి వస్తే, రికార్డింగ్ సమయంలో దాన్ని ఆపడమే మార్గం. మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతే పాలూ కూరలూ పాడవుతాయి. అందుకే రికార్డిస్టులు చాలామంది చేసే పనిని చెప్పాను: ఫ్రిజ్ ఆపేటప్పుడు స్కూటీ తాళం చెవి అందులో పెట్టేయాలి, అది తీసుకోకుండా ఇల్లు కదలలేరు. ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడూ, ట్యూబ్‌లైట్ చోక్ నుంచీ వచ్చే గుంయ్ శబ్దాలు కూడా ఇదే జాతివి. ఆ గదిలో పాత చోక్ ట్యూబ్ ఉంది, దాన్ని ఆర్పి బల్బు వేశాం. తలుపు కింద సందులో తడిపి పిండిన తువ్వాలు దూర్చాం.

ఏ వేళ చదవాలన్నది ఊహ మీద నిర్ణయించలేదు. అదే చోట ఫోన్ పెట్టి వేర్వేరు వేళల్లో ఒక్కో నిమిషం ఖాళీ గదిని రికార్డు చేసి పంపమన్నాను. తెల్లవారుజామున నాలుగు తరువాత స్థాయి అన్నిటికన్నా తక్కువగా ఉంది, కానీ అప్పుడు ఆవిడ గొంతు ఇంకా తెరుచుకోదు, ఐదు దాటితే గుడి మైకు మొదలవుతుంది. సాయంత్రం పైవాళ్ల నీళ్ల మోటారు, కుక్కర్ విజిళ్లు ఉన్నాయి. రాత్రి పది నుంచి పదకొండు వరకు స్థిరమైన హోరు తక్కువ, అప్పుడప్పుడు వీధి కుక్కలు మొరుగుతాయి. నేను ఆ వేళనే ఎంచుకోమన్నాను. కుక్క మొరుగు వాక్యాల మధ్య పడితే కత్తిరించవచ్చు, మాట మీద పడితే ఆ వాక్యాన్ని మొదటి నుంచీ మళ్లీ చదవచ్చు. అలా చదివే ముందు ఒకసారి చప్పట్లు కొట్టమన్నాను, ఎడిటింగ్‌లో ఆ చోటు నిలువు గీతలా కనిపిస్తుంది. ఫ్యాన్ లేని గదిలో పది నిమిషాల కంటే ఎక్కువ ఏకబిగిన చదవవద్దనీ, మధ్యలో ఫ్యాన్ వేసుకుని, మళ్లీ ఆపినప్పుడు రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగమనీ చెప్పాను.

ఈ మార్పులతో చేసిన మొదటి రికార్డింగ్‌లో గొంతు సగటు మైనస్ 24, వెనుక శబ్దం మైనస్ 63 వచ్చాయి. ఎడం 39. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పని కొంచెమే. మొదట `High-Pass Filter` 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, దూరపు లారీల గుర్రుమనే శబ్దాన్ని కోశాను. ఆవిడ గొంతు అంత కిందికి దిగదు కాబట్టి దానికేమీ నష్టం లేదు. ప్రతి ఫైలు మొదట్లో ఆవిడ ఊపిరి బిగబట్టి వదిలిన పది సెకన్ల మౌనాన్ని ఎంచుకుని, `Noise Reduction`లో `Get Noise Profile` నొక్కి, తరువాత మొత్తం మీద 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గించాను. దీన్ని 15కో 20కో పెంచితే హోరు పూర్తిగా పోతుంది గానీ, గొంతు చుట్టూ నీళ్లలో బుడగలు పగిలినట్టు సన్నని చప్పుళ్లు వస్తాయి, వాటికంటే అసలు హోరే నయం. ఏ కథ మౌనాన్ని ఆ కథకే వాడాలి, ఎందుకంటే రాత్రి రాత్రికీ హోరు మారుతుంది. చివరికి గొంతును మైనస్ 20కి పెంచితే వెనుక శబ్దం మైనస్ 65 దగ్గర ఆగింది.

ఫైళ్లు నాకు పంపే విషయంలో ఒక చిక్కు వచ్చింది. ఆవిడ మొదటిసారి వాట్సాప్‌లో మామూలు ఆడియోగా పంపారు, అలా పంపితే అది ఫైలును కుదించే అవకాశం ఉంది. డాక్యుమెంట్‌గా జతచేస్తే ఫైలు చెక్కుచెదరకుండా వస్తుంది.

సంస్థ వారు కొత్త నమూనాను అంగీకరించారు, ఒక్క కథను మాత్రం మళ్లీ చదవమన్నారు. ఆ కథ నడుమ వాన మొదలై, కిటికీ పైన ఉన్న రేకు మీద చినుకుల చప్పుడు సగం నుంచి వచ్చి చేరింది. దానికి ఈ ఇంట్లో మందు లేదు. వాన శబ్దం స్థిరంగా ఉండదు, గొంతు ఉండే మేరలోనే విస్తరించి ఉంటుంది, కాబట్టి సాఫ్ట్‌వేర్‌కూ చిక్కదు. వర్షాకాలంలో ముందుగానే రెండు మూడు కథలు ఎక్కువగా రికార్డు చేసి పెట్టుకోవాలని ఒప్పుకున్నాం.

కాలర్‌కు తగిలించే మైకు కొనాలా అని ఆవిడ చివర్లో అడిగారు. సాధారణంగా దొరికే కాలర్ మైకు కూడా అన్ని వైపులా వినేదే, అదీ నోటికి జానెడు దూరంలోనే ఉంటుంది, కాబట్టి ఇప్పుడున్న పద్ధతి కంటే గది మోత తగ్గదు, పైగా చీర కొంగు రాపిడి చేరుతుంది. ఫోన్ మైకు సొంత బుస మాత్రం కొంత ఉంది, ఇప్పుడు మిగిలిన మైనస్ 65లో దాని వాటా గణనీయమే. గుసగుసగా చదవాల్సిన కథలు ఎక్కువైనప్పుడు ఆ బుస వినిపించడం మొదలవుతుంది, మంచి మైకు గురించి అప్పుడు ఆలోచిద్దామన్నాను. ప్రస్తుతానికి ఆ డబ్బుతో మూడో బొంత కుట్టించమన్నాను, ఎందుకంటే ఆవిడ కుడి పక్క గోడ ఇంకా ఖాళీగానే ఉంది.